కొట్టంలో ఏ ఆవుకు ఏ ఆవు జతో ఎలా గుర్తించాలి?

ఆవు తన డొక్కను, తొడను నాలుకతో తానే శుభ్రం చేసుకోగలదు గానీ, నుదురు, కొమ్ముల మొదళ్లు, మెడ దానికి అందవు. తోటి ఆవు ఎక్కువగా నాకేది అందని ఆ చోట్లనే. గరుకైన నాలుక దుమ్మును, రాలే వెంట్రుకలను తీసేస్తుంది. అయితే పని అంతటితో ఆగదు. నాకించుకుంటున్న ఆవు గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూశారు. మెడ చాచి, కళ్లు అరమూసి నిలబడే తీరులోనే ఆ నెమ్మది మనకు కనిపిస్తుంది.

ఈ నాకుడును బట్టి జతను గుర్తించాలంటే, మొదట ఆవులను కట్లు విప్పి ఆవరణలో వదలాలి. పక్కపక్క గుంజలకు కట్టి ఉన్నప్పుడు ఒకదాన్నొకటి నాకితే, అది ఇష్టమో, పలుపు అంతవరకే అందడమో చెప్పలేము.

తరువాత, మేత ముగిసి నెమరుకు దిగే వేళ రోజూ ఒక అరగంట చొప్పున వారం రోజులు చూసి, ఏది దేన్ని నాకింది, ఎక్కడ నాకింది, ఏది దేని పక్కన పడుకుంది అన్న మూడు సంగతులను రాసుకోవాలి. నాకమని అడగడాన్ని కూడా గమనించండి: ఆవు తల దించి, ఎదుటిదాని గడ్డం కిందికి మెల్లగా నెడుతుంది.

మా కొట్టంలో ఇలా రాసినప్పుడు, మూడో రోజుకు బొల్లావు పేరు అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది, ఎర్రావునూ నల్లావునూ రెంటినీ నాకింది కనుక. కానీ అది ఆ రోజు ఎదకు వచ్చి ఉంది. నాకినదల్లా వెనుక భాగాన్నే, తోటివాటిపైకి ఎక్కబోయింది కూడా. ఆ రోజు లెక్క కొట్టేస్తే మిగిలింది ఎర్రావు, నల్లావుల జత. అవి ఒకే ఈడు పెయ్యలుగా కలిసి పెరిగినవి, మెడలు నాకుకుంటాయి, ఒకే చోట పడుకుంటాయి. ఇలాంటి జతలు తల్లీకూతుళ్ల మధ్య, కలిసి పెరిగిన పెయ్యల మధ్య ఎక్కువగా కుదురుతాయి.

గోడలను, మట్టిని, మూత్రాన్ని నాకడం వేరు. అది చాలాసార్లు ఉప్పు కొరతకు గుర్తు. ఆవు తన ఒంటినే పదేపదే నాకుకుంటుంటే పేలు, పిడుదుల కోసం చర్మం వెతకాలి.

గుర్రాలు కూడా ఇలాగే ఎదురెదురుగా నిలబడి ఒకదాని మెడ మొదలును మరొకటి పళ్లతో గోకుకుంటాయి. కోతులు వేళ్లతో పేలు తీస్తాయి. అన్నింటిలోనూ ఈ పని ఎక్కువగా దగ్గరివాటి మధ్యనే సాగుతుంది.

జత తేలాక దాన్ని వాడుకోవలసింది ఆవులను కదిలించేటప్పుడు. ఇంగ్లండులోని నార్తాంప్టన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టా మెక్‌లెన్నన్ ఆవులను అరగంటసేపు మంద నుంచి విడదీసి చూసినప్పుడు, తమ జతతో ఉన్నవాటి గుండె వేగం, జత కాని ఆవుతో ఉన్నవాటికంటే తక్కువగా ఉంది. కనుక పశువైద్యశాలకు ఎర్రావును తోలుకెళ్లవలసి వస్తే, వీలైతే నల్లావును కూడా వెంట తీసుకెళ్లండి. వీలుకాకపోతే, తిరిగి వచ్చాక రెంటినీ కాసేపు కట్లు విప్పి ఉంచండి.