డెమరేజ్ బిల్లు వచ్చిందా? ముందు ఆ తేదీలు చూడండి

"సరుకు టైమ్‌కే విడిపించుకున్నాం, అయినా డెమరేజ్ పడింది." నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. హనుమకొండలో కూర్చుని వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు చిన్న వ్యాపారుల ఇంపోర్ట్ కాగితాలు చూస్తుంటాను. ఫోన్ చేసినవాళ్లను ముందు ఒకటే అడుగుతాను, బిల్లు చేతిలో ఉందా అని. చాలామంది దగ్గర ఉండదు. కస్టమ్స్ ఏజెంట్ వాట్సాప్‌లో పెట్టిన మొత్తం మాత్రం ఉంటుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడి కట్టేస్తారు. బిల్లు పీడీఎఫ్ తెప్పించుకుని మూడు విషయాలు చూస్తే రెండు నిమిషాల్లో సగం సంగతి తేలిపోతుంది. పైన ఎవరి పేరుంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్క కట్టారు, ఎన్ని రోజులు ఫ్రీగా వదిలారు. ఈ మూడూ చూడకుండా ఎవరితోనూ వాదించలేం.

బిల్లు వచ్చింది, దేనికో తెలియదు

మన దగ్గర అన్నిటినీ కలిపి డెమరేజ్ అనేస్తారు. నిజానికి రెండు వేర్వేరు మీటర్లు తిరుగుతుంటాయి. కాజీపేట, వరంగల్ గూడ్స్ షెడ్‌లో ఎరువుల ర్యాక్ దింపించినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వ్యాగన్‌ను గడువు దాటి ఆపితే రైల్వే వేసేది డెమరేజ్. దింపిన బస్తాలను షెడ్ నుంచి గడువులోగా తీయకపోతే వేసేది వార్ఫేజ్. ఒకటి బండి ఆపినందుకు, రెండోది జాగా వాడినందుకు.

కంటైనర్‌కూ అంతే. పెట్టె షిప్పింగ్ లైన్‌ది. దాన్ని గడువు దాటి మన దగ్గర ఉంచుకుంటే లైన్ వేసే ఛార్జీని ఇక్కడ ఎక్కువగా డిటెన్షన్ అంటారు, కొందరు డెమరేజ్ అనే రాస్తారు. పోర్టులో గానీ, పోర్టు బయట కంటైనర్లు ఉంచే సీఎఫ్ఎస్‌లో గానీ, సనత్‌నగర్ లాంటి డ్రై పోర్టులో గానీ జాగా వాడినందుకు వేసేది గ్రౌండ్ రెంట్. దీన్ని కూడా డెమరేజ్ అనేవాళ్లున్నారు. అందుకే పేరును బట్టి కాకుండా బిల్లు ఇచ్చింది ఎవరో చూసి తేల్చుకోండి. లైన్ ఇస్తే పెట్టె అద్దె, సీఎఫ్ఎస్ ఇస్తే జాగా అద్దె. ఒకరు ఇచ్చిన ఫ్రీ రోజులు రెండోవాళ్లకు వర్తించవు. సీఎఫ్ఎస్‌ను బతిమాలి గ్రౌండ్ రెంట్ తగ్గించుకున్నంత మాత్రాన లైన్ బిల్లులో ఒక్క రూపాయీ తగ్గదు.

ఫ్రీ రోజుల్లోనే తిప్పి పంపాం, అయినా బిల్లు పడింది

నాకు బాగా తగిలిన దెబ్బ ఇదే, కాబట్టి దీన్ని పూర్తిగా చెప్తాను.

వరంగల్‌లో స్ప్రేయర్ పంపుల విడిభాగాలు అమ్మే ఒక షాపాయన చైనాలోని నింగ్బో నుంచి ఇరవై అడుగుల కంటైనర్ ఒకటి తెప్పించాడు. పత్తికి మందు కొట్టే సీజన్ మొదలయ్యేలోపు సరుకు షాపులో ఉండాలని ఆయన తొందర. ఓడ చెన్నైకి వచ్చింది. ఓడకు సరుకు అప్పగించినందుకు ఇచ్చే కాగితం బిల్ ఆఫ్ లేడింగ్. దాని కాపీ నేనే చూశాను. దాని మీద 14 రోజులు ఫ్రీ అని స్పష్టంగా టైపు చేసి ఉంది. జూన్ 2న కంటైనర్ ఓడ నుంచి దిగింది. దిగిన రోజే మొదటి రోజు కాబట్టి జూన్ 15 వరకు గడువు ఉందని లెక్క కట్టి ఆయనకు చెప్పాను.

జూన్ 7న కస్టమ్స్ పని పూర్తయింది. 8వ తేదీ సాయంత్రం కంటైనర్ ట్రైలర్ మీద బయల్దేరింది, 10న వరంగల్ చేరింది. ఆ రోజు వాన, హమాలీలు దొరకలేదు. గడువు ఉంది కదా అని 11న దింపించాం. ఖాళీ పెట్టె 14న చెన్నైలో లైన్ చెప్పిన యార్డుకు చేరింది. గడువుకు ఒక రోజు ముందే ఇచ్చేశామని అనుకున్నాం.

పది రోజుల తర్వాత షాపాయన ఫోన్ చేశాడు. "అన్నా, కంటైనర్ డిపాజిట్ 25 వేలు కట్టినం కదా, ఐదు వేల చిల్లరే వాపస్ వచ్చింది. పద్నాలుగు రోజులు ఫ్రీ అని మీరే చెప్పిన్రు."

బిల్లు తెప్పించి చూస్తే ఫ్రీ రోజులు ఏడే అని ఉంది. అంటే గడువు జూన్ 8తోనే అయిపోయింది. 9 నుంచి 14 వరకు ఆరు రోజులకు ఛార్జీ వేశారు. మొదటి ఐదు రోజులకు రోజుకు 30 డాలర్లు, ఆ తర్వాతి శ్లాబులో 45. మొత్తం 195 డాలర్లు. డాలర్‌కు 86 రూపాయల చొప్పున 16,770, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 19,789 రూపాయలు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, నేను చూసింది హౌస్ బిల్ ఆఫ్ లేడింగ్. అది మనకు సరుకు పంపిన ఫ్రైట్ ఫార్వర్డర్ ఇచ్చే కాగితం. ఆ ఫార్వర్డర్‌కు షిప్పింగ్ లైన్ ఇచ్చేది మాస్టర్ బిల్. లైన్ కంప్యూటర్‌లో ఉండేది మాస్టర్ బిల్ ఒక్కటే, అందులో గ్రహీతగా ఉండేది ఇక్కడి ఫార్వర్డర్ ఏజెంట్, మన షాపు పేరు కాదు. ఫార్వర్డర్ తన కాగితం మీద 14 అని రాసుకున్నా 40 అని రాసుకున్నా లైన్‌కు సంబంధం లేదు. లైన్ ఒప్పుకున్నది ఏడు రోజులకే.

మీ చేతిలో ఉన్నది హౌస్ బిల్ అని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. దాని నంబర్‌ను షిప్పింగ్ లైన్ వెబ్‌సైట్ ట్రాకింగ్‌లో కొట్టండి. దొరక్కపోతే దాదాపు ఖాయంగా అది హౌస్ బిల్లే. కంటైనర్ నంబర్ కొడితే మాత్రం వివరాలు వస్తాయి. అలాగే బిల్ పైన ఉన్న కంపెనీ పేరు, పెట్టెను మనకు వదలమని రాసే డెలివరీ ఆర్డర్ ఇచ్చిన లైన్ పేరు ఒకటేనా చూడండి. వేరైతే మధ్యలో ఫార్వర్డర్ ఉన్నాడు.

మా తప్పు అక్కడితో ఆగలేదు. జూన్ 6న లైన్ ఇచ్చిన డెలివరీ ఆర్డర్ మీద చెల్లుబాటు తేదీ జూన్ 8 అని ఉంది. అసలు గడువు ఆ కాగితంలో కళ్ల ముందే ఉంది. ఏజెంట్ దాన్ని గేటు దగ్గర చూపించి ఫైల్లో పెట్టేశాడు, నేను అడిగి తెప్పించుకోలేదు. అప్పుడే చూసి ఉంటే 10న వాన తగ్గిన గంటలోనే మనుషులను పెట్టి దింపించేవాళ్లం. 12కే పెట్టె యార్డుకు చేరేది, నాలుగు రోజుల ఛార్జీతో పోయేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి ఫైలుకూ డెలివరీ ఆర్డర్ ఫోటో తెప్పించుకున్నాకే ట్రైలర్‌ను కదలమంటాను.

దీనికి పరిష్కారం సరుకు ఎక్కకముందే చేసుకోవాలి. బిల్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ఫార్వర్డర్‌ను మాస్టర్ బిల్ డ్రాఫ్ట్ కూడా అడగండి. ధరలు దాచి పంపమనండి, అభ్యంతరం ఉండదు. అందులో ఈ మాట ఉండాలి:

```
14 DAYS FREE DETENTION AT POD
```

POD అంటే సరుకు దిగే పోర్టు. ఈ మాట హౌస్ బిల్లో మాత్రమే ఉంటే లెక్కలోకి రాదు. మాస్టర్ బిల్లో వేయించలేమని ఫార్వర్డర్ అంటే, లైన్ బుకింగ్ కన్ఫర్మేషన్లో అయినా చూపించమనండి. రెండూ లేవంటే ఆ 14 రోజులు నోటిమాటే. ఓడ బయల్దేరాక చెన్నైలోని లైన్ ఆఫీసుకు మాస్టర్ బిల్ నంబర్‌తో మెయిల్ పెట్టి ఎన్ని ఫ్రీ రోజులు నమోదయ్యాయో రాతపూర్వకంగా తెప్పించుకోండి. సరుకును సీఐఎఫ్ ధరకు, అంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ అమ్మినవాడే కట్టే పద్ధతిలో కొంటే ఫార్వర్డర్‌ను ఎంచుకునేది అమ్మినవాడు, కాబట్టి ఈ రోజుల సంగతి మీ చేతిలో ఉండదు. ఎఫ్‌ఓబీలో కొని ఫ్రైట్ మీరే మాట్లాడుకుంటే ఉంటుంది.

ఇప్పటికే దెబ్బ తగిలితే లైన్‌తో వాదించి లాభం లేదు. వాళ్లు వాళ్ల కాగితం ప్రకారమే వేశారు. 14 అని రాసి ఇచ్చింది ఫార్వర్డర్, అడగాల్సింది అతన్నే. హౌస్ బిల్, లైన్ బిల్లు, ఖాళీ పెట్టె యార్డులో ఇచ్చినప్పటి రసీదు జతచేసి మెయిల్ పెట్టాను. మూడు వారాలు వెంటపడ్డాక సగం ఒప్పుకుని తర్వాతి సరుకు ఫ్రైట్‌లో తగ్గించాడు. గడువు ఇంకా మిగిలి ఉండగానే తెలిస్తే మాత్రం లైన్‌కే రాయండి. పొడిగింపు ముందే అడిగితే ఒకట్రెండు రోజులు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి, గడువు దాటాక అడిగితే చాలా తక్కువ.

సరుకు షాపుకు వచ్చేసింది, మీటర్ మాత్రం ఆగలేదు

లైన్ మీటర్ ఆగేది సరుకు గేటు దాటినప్పుడు కాదు, ఖాళీ పెట్టె వాళ్లు చెప్పిన యార్డులోకి వెళ్లినప్పుడు. సాధారణంగా ఆదివారాలు, పండగలు కూడా లెక్కలోకి వస్తాయి. ట్రైలర్ డ్రైవర్ యార్డు రసీదు ఫోటో పంపేవరకు పని అయిపోయిందనుకోకండి. యార్డు నిండిపోయి లైన్ మరో యార్డుకు పొమ్మంటే ఆ మెసేజ్ దాచుకోండి. ఆ రోజు ఛార్జీ తీసేయమని అడగడానికి అదే ఆధారం.

వరంగల్ దాకా పెట్టెతో రావడం కంటే సీఎఫ్ఎస్‌లోనే దింపించి లారీలో తెచ్చుకోవడం కొన్నిసార్లు చవక. ఫ్రీ రోజులు ఏడే ఉంటే నేనైతే అలాగే చేయమంటాను.

కాగితాలే ఆలస్యమయ్యాయి

ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ బ్యాంకులోనో కొరియర్లోనో ఉంటే డెలివరీ ఆర్డర్ రాదు. పేమెంట్ అయిపోయినప్పుడు అమ్మినవాడిని అక్కడే ఒరిజినల్స్ సరెండర్ చేసి, ఇక్కడ ఒరిజినల్ లేకుండానే సరుకు వదిలేలా టెలెక్స్ రిలీజ్ ఇప్పించమనండి. కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి డిక్లరేషన్ బిల్ ఆఫ్ ఎంట్రీ. దాని కోసం ఓడ వచ్చేదాకా ఆగకండి. ఓడ రావాల్సిన తేదీకి 30 రోజుల ముందు నుంచే దాఖలు చేయవచ్చు, ఓడ చేరే రోజుకు ముందు రోజులోపు అయిపోవాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 రూపాయలు కస్టమ్స్ వేస్తుంది. ఇది డెమరేజ్ కాదు, దానికి అదనం.

అరుదైనవి

కస్టమ్స్ పరిశీలన కోసం సరుకు ఆపి, చివరికి మీ వివరాలు సరైనవే అని తేలితే ఆ రోజుల గురించి కస్టమ్స్ నుంచి లెటర్ తీసుకుని లైన్‌కూ సీఎఫ్ఎస్‌కూ మాఫీ అడగండి. మీ డిక్లరేషన్‌లో తప్పుంటే అడిగినా రాదు. పోర్టు సమ్మె, తుఫాను లాంటివి ఏడాదికి ఎప్పుడో ఒకసారి వస్తాయి, అప్పుడు లైన్ సర్క్యులర్ ఇస్తుంది, దాన్ని దాచుకుంటే చాలు. జీఎస్టీ నంబర్ మాత్రం బిల్లు తయారయ్యేలోపే ఏజెంట్‌కు ఇచ్చి ఉంచండి. ఆ షాపాయన బిల్లులో 3,019 రూపాయలు జీఎస్టీయే. బిల్లు ఫార్వర్డర్ పేరు మీద వచ్చింది కాబట్టి దాన్ని క్రెడిట్ తీసుకోవడానికి మళ్లీ ఫార్వర్డర్ దగ్గర ఆయన పేరు మీద ఇన్‌వాయిస్ వేయించాల్సి వచ్చింది.