వాన పడితే మసకబారే లైట్లు: అల్యూమినియం, రాగి వైర్లు కలిసిన జాయింటులో క్షయం, దాని పరిష్కారం

లక్షణం

వాన కురుస్తున్నప్పుడు గానీ, కురిసిన మరునాడు ఉదయం గానీ ఇంట్లో లైట్లన్నీ ఒకేసారి మిణుకుమంటుంటే, గీజరు లేదా నీళ్ల మోటారు వేసినప్పుడు ఆ మిణుకు మరింత ఎక్కువవుతుంటే, అదే సమయంలో పక్కింట్లో కరెంటు నిలకడగా ఉంటే, లోపం మీ ఇంటి సర్వీసు దారిలోని ఏదో ఒక జాయింటులో ఉందని భావించవచ్చు. ఒక్క గదిలోనే లైట్లు మిణుకుమంటే అది ఆ గది స్విచ్ బోర్డుకో, ఆ ఒక్క సర్క్యూటుకో సంబంధించిన వేరే సమస్య. ఇల్లంతా ఒకేసారి మిణుకుమంటేనే ఇక్కడ చెప్పే విషయం మీకు వర్తిస్తుంది.

రెండో లక్షణం కొంత ఆలస్యంగా బయటపడుతుంది. ఒకనాడు ఇంట్లో కరెంటు పూర్తిగా పోతుంది. కానీ ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. ఫేజు బాగానే ఉండి, న్యూట్రల్ జాయింటు తెగిపోయిందని దీని అర్థం. అప్పుడు స్విచ్ వేసి ఉన్న ఏ లైటు ద్వారానో, ఫ్యాను ద్వారానో ఫేజు వోల్టేజి న్యూట్రల్ వైరులోకి వచ్చి నిలుస్తుంది. ఇల్లు చీకటిగా ఉంది కదా, కరెంటు లేదు కదా అని న్యూట్రల్ వైరును చేత్తో ముట్టుకున్నవారికి షాకు తగిలేది ఈ స్థితిలోనే.

ఈ లోపానికి ఎంసీబీ ట్రిప్ కాదు. చెడిన జాయింటు కరెంటును పెంచదు, దానికి అడ్డు పడుతుంది. అందువల్ల జాయింటు కాలిపోతున్నా ఎంసీబీకి అదనపు కరెంటు కనిపించదు. నేలలోకి లీకేజీ లేకపోతే ఆర్‌సీసీబీ కూడా కదలదు. రక్షణ పరికరాలు మౌనంగా ఉన్నాయి కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకోవడం ఈ విషయంలో పొరపాటు.

కారణం

స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియందే. వరంగల్, హన్మకొండ పాత వాడల్లో 40 ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో లోపలి వైరింగు కూడా చాలాచోట్ల అల్యూమినియంతో చేసిందే. ఇప్పుడు కొత్తగా వేసేది రాగి వైరు. పై అంతస్తు కట్టినప్పుడో, మెయిన్ స్విచ్‌ను మరోచోటికి మార్చినప్పుడో ఈ రెండు లోహాలను ఒకదానికొకటి మెలితిప్పి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తారు.

ఆ మెలికలోకి నీరు చేరిందంటే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారైనట్టే. ప్రామాణిక ఎలక్ట్రోడు పొటెన్షియల్ అల్యూమినియంకు మైనస్ 1.66 వోల్టులు, రాగికి ప్లస్ 0.34 వోల్టులు. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర వల్ల వాస్తవంలో ఈ తేడా ఇంతకంటే బాగా తక్కువగా ఉంటుంది; అయినా క్షయం జరగడానికి అది చాలు. ఈ జంటలో అల్యూమినియం ఆనోడు అవుతుంది, అంటే కరిగిపోయేది అదే. దీన్నే గాల్వానిక్ క్షయం అంటారు. రాగి దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. టేపు విప్పి చూస్తే రాగిని ఆనుకుని ఉన్న చోట అల్యూమినియం మీద తెల్లటి పొడి, దాని కింద సూదితో పొడిచినట్టు గుంటలు కనబడతాయి. ఆ పొడి అల్యూమినియం హైడ్రాక్సైడు. దాని గుండా కరెంటు పారదు. ఇంట్లో వాడుకునే కరెంటుకు దీనితో నేరుగా సంబంధం లేదు; మెయిన్ స్విచ్ ఆపి ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా, జాయింటు తడిగా ఉన్నంతసేపు ఈ క్షయం సాగుతూనే ఉంటుంది.

గోడ మీద వేసే సున్నం, తాపీ పనిలోని సిమెంటు దీన్ని మరింత వేగవంతం చేస్తాయి. వాటిలోని క్షారం అల్యూమినియంను కాపాడే ఆక్సైడు పొరనే కరిగిస్తుంది. అందుకే జాయింటును గోడలో పెట్టి ప్లాస్టరింగు చేయించడం, చూడటానికి ఎంత అందంగా ఉన్నా, ఆ జాయింటును త్వరగా పాడుచేసే పని.

అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎప్పుడూ తడవని జాయింటు చెడిపోతే దానికి గాల్వానిక్ క్షయం కారణం కాదు, ఎందుకంటే నీరు లేనిదే అది జరగదు. అల్యూమినియం వేడికి రాగికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. స్క్రూ ఒత్తిడికి మెల్లమెల్లగా పక్కకు జరిగిపోతుంది. దాంతో బిగింపు వదులై, ఆక్సైడు పొర పెరిగి, జాయింటు వేడెక్కుతుంది. అలాంటి జాయింటు విప్పితే తెల్లటి పొడి, గుంటలు ఉండవు; నల్లబడిన లోహం, కమిలిన ఇన్సులేషన్ మాత్రమే ఉంటాయి. వానతో సంబంధం లేకుండా, లోడు వేసినప్పుడల్లా మిణుకు వస్తే ముందు అనుమానించవలసింది దీన్ని. రెండింటికీ సరైన కనెక్టరే మందు. కానీ మొదటిదానికి నీటి దారిని కూడా మూయకపోతే చేసిన పని నిలవదు.

పరీక్ష: ఒక ఇంటి ఉదాహరణ

కరీమాబాద్ వైపు ఒక డాబా ఇంట్లో మీటరు కింది అంతస్తులో ఉంది. పై అంతస్తు కట్టినప్పుడు మెయిన్ స్విచ్‌ను పైకి మార్చి, మీటరు నుంచి గోడలో వచ్చే పాత అల్యూమినియం వైర్లకు కొత్త రాగి వైర్లను బయటి గోడ మీద, పైపు మూతి దగ్గర మెలితిప్పారు. పిట్టగోడ మీది నుంచి జారిన వాన నీరు ఆ వైరు వెంబడే కిందికి దిగి నేరుగా టేపులోకి పోయేది. రెండు వానాకాలాలు గడిచేసరికి లైట్లు మిణుకుమనడం మొదలైంది. ఎండ కాస్తే తగ్గిపోయేది కాబట్టి ఇంటివారు పట్టించుకోలేదు. ఎండినంత మాత్రాన పొడి పోదు. ప్రతి వానకూ జాయింటు ఇంకొంత తరిగిపోతుంది.

ఎలక్ట్రీషియన్ 2000 వాట్ల గీజరు వేయించి, ఫేజు జాయింటుకు ఇటు ఒక కొన, అటు ఒక కొన ఆనించి మల్టీమీటరుతో కొలిచాడు. 230 వోల్టుల మీద ఆ గీజరు తీసుకునే కరెంటు సుమారు 8.7 ఆంపియర్లు. జాయింటు మీద 1.2 వోల్టులు పడిపోతున్నాయి. రెండింటినీ గుణిస్తే 10 వాట్లు దాటింది. బొటనవేలంత జాయింటులో, టేపు కింద, గాలి తగలని చోట ఆ 10 వాట్లు వేడిగా మారుతున్నాయి. మామూలు పీవీసీ ఇన్సులేషన్ 70 డిగ్రీల వరకే పనికొస్తుంది. పైగా ఈ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: గీజరుతోపాటు మోటారు కూడా వేసి కరెంటు 15 ఆంపియర్లకు చేరితే 10 వాట్లు 30 వాట్లవుతాయి. మంచి జాయింటు మీద ఇదే లోడుకు కొద్ది మిల్లీవోల్టులకు మించి పడకూడదు.

ఈ కొలత కరెంటు ఉండగా తీసేది కాబట్టి ఇంటివారు చేయవలసింది కాదు. ఇంటివారు గమనించగలిగినవి వేరే ఉన్నాయి: మెత్తబడిన లేదా రంగు మారిన టేపు, కమురు వాసన, పైపు మూతి దగ్గర గోడ మీద నీటి చార.

పరిష్కారం

అన్నిటికంటే ముందు ఒక ప్రమాదం గురించి చెప్పాలి. మెయిన్ స్విచ్ ఆపినంత మాత్రాన దానికి ముందున్న జాయింటులో కరెంటు పోదు. మీటరుకూ మెయిన్ స్విచ్‌కూ మధ్య ఉన్న జాయింటును ముట్టుకోవాలంటే కరెంటాఫీసుకు చెప్పి, లైన్‌మన్ చేత స్తంభం దగ్గర సర్వీసు తీయించాలి. ఆ తర్వాత కూడా టెస్టరుతో చూసి నిర్ధారించుకోవాలి. మీటరు సీళ్లు, మీటరుకు ముందున్న వైర్లు వారి పరిధిలోవి. లోపం అక్కడుంటే వారే సరిచేయాలి.

కొత్త టేపు చుట్టడం, జాయింటును ఇంకాస్త బిగించడం పరిష్కారాలు కావు. పొడి లోపలే ఉంటుంది, గుంటలు పూడవు. వ్యాసిలిన్ పూయడం కూడా కొందరికి అలవాటు; అది వేడికి కరిగి కారిపోతుంది, మన ఎండాకాలంలో డాబా గోడ మీద అస్సలు నిలవదు.

వీలైతే జాయింటే లేకుండా, మీటరు నుంచి మెయిన్ స్విచ్ దాకా ఒకే రాగి వైరు లాగడం అన్నిటికంటే మేలు. పై ఉదాహరణలో అల్యూమినియం వైరు గోడలో కూరుకుపోయి ఉండటంతో అది కుదరలేదు. అలాంటప్పుడు రెండు లోహాలు నేరుగా తగలకుండా చూడాలి. ఒక వైపు అల్యూమినియం, మరో వైపు రాగి ఉండి, మధ్యలో ఫ్యాక్టరీలోనే అతికించిన బైమెటల్ కనెక్టరు ఇందుకు సరైనది. అది దొరకకపోతే, ఒక్కో వైరుకు విడివిడి రంధ్రం ఉండి, రెండు లోహాలకూ పనికొస్తుందని దాని మీదే ముద్రించి ఉన్న తగరపు పూత టెర్మినల్ వాడవచ్చు. ఒకే రంధ్రంలో రెండు వైర్లనూ దూర్చితే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

ఆ ఇంట్లో పని ఈ విధంగా జరిగింది. పాత మెలికను కోసి పారేసి, గుంటలు లేని మెరిసే లోహం కనబడేదాకా అల్యూమినియం వైరును దాదాపు జానెడు వెనక్కి కత్తిరించారు. పొడి మచ్చ ఒక్కటి మిగిలినా అక్కడి నుంచే క్షయం మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఇక్కడ పొదుపు చేయకూడదు. తర్వాత అల్యూమినియం కొనకు జింకు రజను కలిసిన జాయింటు పేస్టు రాసి, ఆ పేస్టు కిందే తీగ బ్రష్‌తో రుద్దారు. ముందు రుద్ది తర్వాత పేస్టు రాస్తే, మెరిసే అల్యూమినియంకు గాలి తగిలిన మరుక్షణమే ఆక్సైడు తిరిగి కడుతుంది. ఆ బ్రష్‌ను రాగి మీద వాడకూడదు; బ్రష్‌కు అంటుకున్న రాగి రజను అల్యూమినియంలో చేరి కొత్త గుంటలకు బీజం వేస్తుంది. కనెక్టరు సైజుకు సరిపడే డైతో క్రింపింగ్ చేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, అంచుల్లోంచి జిగురు బయటికి వచ్చేదాకా వేడి చేశారు. న్యూట్రల్ జాయింటు కొలతలో అంత చెడిపోయినట్టు లేకపోయినా, దాన్నీ ఇదే పద్ధతిలో మార్చారు.

చివరి పని నీటిది. జాయింటును సజ్జ కింద మూత ఉన్న బాక్సులో పెట్టి, బయటి నుంచి వచ్చే వైరును బాక్సులోకి దూరే ముందు ఒక వంపుగా కిందికి వేలాడదీశారు. వైరు వెంట జారే నీరు ఆ వంపు అడుగున చుక్కలుగా రాలిపోతుంది, పైకెక్కి లోపలికి రాదు. వైరు దూరే రంధ్రాన్ని బాక్సు అడుగున పెట్టారు. బాక్సులో అల్యూమినియం కొనను పైకి, రాగి కొనను కిందికి ఉంచారు. రాగి మీదుగా కారిన నీటిలో కరిగే రాగి లవణాలు అల్యూమినియం మీద పడితే, రెండు లోహాలూ తగలకపోయినా గుంటలు పడతాయి.

మళ్లీ అదే గీజరు వేసి కొలిస్తే ఫేజు జాయింటు మీద 10 మిల్లీవోల్టులు చూపించింది. అంటే వేడి వాట్‌లో పదో వంతు కూడా లేదు. క్రింపింగ్ చేసిన జాయింటును మళ్లీ బిగించనక్కరలేదు. స్క్రూ టెర్మినల్ వాడినవారు మాత్రం కొన్ని వారాల తర్వాత సప్లై తీయించి ఒకసారి బిగింపు చూడాలి, అదీ తయారీదారు చెప్పిన మేరకే. మితిమీరి బిగిస్తే మెత్తటి అల్యూమినియం నలిగి మరింత వదులవుతుంది. ఆ తర్వాత ఏటా మృగశిర కార్తెకు ముందే, సప్లై తీయించి బాక్సు మూత తెరిచి, లోపల తేమ గానీ తెల్లటి పొడి గానీ ఉందేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి.