లెక్కల సారు రికమెండేషన్ లెటర్ రాసే ముందు జాగ్రత్తలు

ఎప్‌సెట్ సీటుకు ఈ లెటర్ అక్కర్లేదు. అడిగేవి ఎక్కువగా విదేశీ యూనివర్సిటీలే.

• ముందు ఇంటర్ మెమో పక్కన పెట్టుకోండి. 2బీలో 72 అని వదిలేస్తే అవతలివాళ్లు నూటికి 72 అనుకుంటారు. 75కు 72, అంటే 96 శాతం అని విప్పి రాయండి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు.

• పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, అప్లికేషన్‌లో వెనక్కి పోతుంది.

• "తెలివైన విద్యార్థి" అనే మాట ఎవరికైనా అతుకుతుంది. దానికి బదులు ఒక్క లెక్క చూపించండి. sin x/(sin x + cos x)ను 0 నుంచి π/2 వరకు ఇంటిగ్రేట్ చేయమంటే, x బదులు π/2 − x పెట్టి, రెండూ కూడి π/4 తేల్చిందా? అదే రాయండి. బోర్డు మీద చూసి ఎక్కించుకున్నదైతే వద్దు.

• అమెరికా కాలేజీలకు అప్లై చేసే కామన్ యాప్ సైటు అయితే లింకు సారు మెయిలుకే వస్తుంది. అప్‌లోడ్ ఆయనే చేయాలి, విద్యార్థి కాదు.