రికార్డులో నీటిమట్టం పెరిగింది, బోరు మాత్రం ముందే ఎండింది: ఎక్కడ తేడా?

సమస్య: వానలకు ముందు నీరు 14.2 మీటర్ల లోతులో ఉంది. వానలు ఆగాక 8.1 మీటర్లకు వచ్చింది. 6.1 మీటర్లు పెరిగిందన్న ధీమాతో రెండో పంట వేస్తే, అది చేతికి రాకముందే బోరు ఆగి ఆగి పోయడం మొదలైంది.

ముందు కొలతను అనుమానించండి. మోటారు ఆపిన అరగంటకే కొలిస్తే బోరులో నీరు ఇంకా తేరుకుంటూనే ఉంటుంది. మొదటి కొలత అలా తీసి, రెండోది వానాకాలంలో మోటారు ఆడని రోజుల్లో తీస్తే, ఆ 6.1 మీటర్లలో కొంత భాగం అసలు వాననీరే కాదు. రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారుజామున అరగంట తేడాతో రెండుసార్లు కొలవండి. తేడా రెండు సెంటీమీటర్లు దాటితే ఆ అంకె రాయకండి, ఇంకాసేపు ఆగండి. పక్క బోర్లు ఆడుతుంటే అదీ రాసి పెట్టండి. ఎప్పుడూ కేసింగ్ పై అంచు నుంచే కొలిచి, నేలపైకి ఉన్న కేసింగ్ ఎత్తును తీసేయండి. కేసింగ్ పొడిగించిన రోజు నుంచి అన్ని అంకెలూ ఒకే మేర మారితే, అది భూగర్భంలో వచ్చిన మార్పు కాదు.

కొలత సరైనదే అయితే: పెరిగిన మీటర్లన్నీ నీళ్లు కావు. నీరు ఉండేది రాతి సందుల్లోనే. శిథిలమైన గ్రానైటులో తోడితే బయటికి వచ్చేది ఘనపరిమాణంలో ఏ 2 శాతమో. ఆ లెక్కన 6.1 మీటర్ల పెరుగుదల అంటే 122 మిల్లీమీటర్ల నీరు, ఎకరానికి దాదాపు 494 ఘనపు మీటర్లు. సుమారు 500 మిల్లీమీటర్లు కావాల్సిన ఆరుతడి పంటకు ఇది నాలుగో వంతు. ఇసుక నేలలో 15 శాతం వస్తే అదే పెరుగుదల ఏడున్నర రెట్లు విలువైనది. అందుకే వేరే నేలలో ఉన్న బావి గ్రాఫుతో మీది పోల్చడం దండగ.

అసలు చూడాల్సిన జత: వానల ముందు, తర్వాత అంకెల కంటే, ఈ ఏడాది వానల ముందు అంకెను వచ్చే ఏడాది వానల ముందు అంకెతో పోల్చండి. ఇక్కడ మరుసటి ఏడు 15.6 మీటర్లు ఉందనుకుందాం. అంటే 1.4 మీటర్లు దిగింది. 2 శాతం చొప్పున 28 మిల్లీమీటర్ల లోటు. ఈ బోరు పది ఎకరాల కింది నీటిని లాగుతోందనుకుంటే, 500 మిల్లీమీటర్లు తాగే పంటను అర ఎకరం పైచిలుకు తగ్గిస్తే లోటు పూడుతుంది. పారించిన నీటిలో కొంత మళ్లీ ఇంకుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే తగ్గించాలి. పక్క పొలాలవాళ్లూ అదే నీరు తోడుతుంటే ఒక్కరు తగ్గించినా మట్టం నిలవదు.

ఒక్క ఏడాది జతతో తీర్మానించకండి. కనీసం ఐదేళ్ల వానల ముందు అంకెల పక్కన ఆయా ఏళ్ల వర్షపాతం రాయండి. వర్షం మామూలుగా పడ్డ ఏళ్లలో కూడా లోతు పెరుగుతూ పోతుంటే, అది వాన లోటు కాదు, నీరు తోడడం ఎక్కువైంది.