స్లైడ్లు దాటే గీత – నాలుగో పాఠం: అతుకు దగ్గర విరిగిన మూసీ

పోయిన పాఠంలో ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కోసం మూసీ నదిని అయిదు స్లైడ్ల పొడవునా ఒకే నీలి గీతగా గీసి, ఆ కాన్వాసును స్లైడ్లుగా కోయమన్నాను. మీరు పంపిన వాటిలో గీత బాగానే ఉంది. కానీ చాలామందికి మొదటి స్లైడు నుంచి రెండోదానికి జరపగానే నది మెట్టు దిగినట్టు విరిగింది. ఈ వారం రంగుల గురించి చెప్పాలనుకున్నాను, అది తర్వాత చూద్దాం. రెండు స్లైడ్లు కలిసే అతుకు సరిగా లేకపోతే రంగులు ఎంత బాగున్నా పక్కకు జరిపే వేలు ఆగిపోతుంది.

ముందు తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకోండి. కోసిన మొదటి రెండు ఫైళ్లను కంప్యూటర్లో పక్కపక్కన ఆనించి చూడండి. అక్కడే గీత విరిగి ఉంటే కోతలో తప్పు. అక్కడ కలిసి, ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రమే విరిగితే పోస్టు చేసేటప్పుడు తప్పు జరిగింది. ఆ రెండోది ఎలా జరుగుతుందంటే, అప్‌లోడ్ తెరలో ఒక స్లైడును వేళ్లతో కొంచెం పెద్దది చేసి, మిగతావాటిని అలాగే వదిలేస్తారు. ఆ తెరలో బొమ్మను ముట్టుకోకండి. ఒక్క స్లైడుకే ఫిల్టరు వేయడం కూడా ఇలాంటిదే. గీత కలుస్తుంది గానీ నీలం మారిపోతుంది.

కోతలో తప్పు ఎక్కువగా కంటితో చూసి కోయడం వల్ల వస్తుంది. స్లైడు 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 పిక్సెళ్ల ఎత్తు. అయిదు స్లైడ్లంటే కాన్వాసు 5400 వెడల్పు, కోతలు 1080, 2160, 3240, 4320 దగ్గర. మధ్యలో మూడు పిక్సెళ్లు పోయాయనుకోండి. గీత నలభై అయిదు డిగ్రీల వాలులో ఉంటే అతుకు దగ్గర మూడు పిక్సెళ్ల మెట్టు కనిపిస్తుంది. ఒకటి అడ్డానికి మూడు నిలువుగా దిగే నిటారు గీత అయితే అదే తప్పు తొమ్మిది పిక్సెళ్ల మెట్టు అవుతుంది. నది అతుకు దాటేచోట ముప్పై డిగ్రీల వాలు చాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గీత మందం 24 పిక్సెళ్లు ఉంచండి, ఫోనులో అది దాదాపు మిల్లీమీటరున్నర. సన్నని గీత చిన్న తప్పును కూడా దాచలేదు.

నేను చేత్తో కోయను. కంప్యూటర్లో ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాము ఉన్నవారికి ఈ ఒక్క ఆదేశం చాలు:

```
magick musi.png -crop 1080x1350 +repage musi_%d.png
```

కాన్వాసు సరిగ్గా 5400 ఉంటే `musi_0.png` నుంచి `musi_4.png` వరకు అయిదు ఫైళ్లు వస్తాయి. ఆరో ఫైలు సన్నని చీలికలా వచ్చిందంటే కాన్వాసు వెడల్పు ఎక్కువైందని అర్థం. ఫైళ్లను సరిచేయడానికి ప్రయత్నించకుండా కాన్వాసునే సరిచేసి మళ్లీ కోయండి.

ఇప్పుడు అసలు చెప్పాల్సినది. కోత కచ్చితంగా ఉన్నవారి బొమ్మల్లో కూడా మరో లోపం చూశాను, అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అతుకులను వస్తువుల మధ్య ఖాళీలో పెట్టారు. "వంతెన ముక్కలు కాకూడదని అలా చేశాను" అని ఒకరు రాశారు. వంతెన ముక్కలు కావాలి. మొదటి స్లైడులో అంతా పూర్తిగా కనిపిస్తే చూసేవారికి పక్కకు జరపాల్సిన పని ఏముంది?

పురానాపూల్‌నే తీసుకుందాం. వంతెన నదికి అడ్డంగా ఉంటుంది, మన బొమ్మలో దాన్ని పక్కకు తిప్పి చూపిస్తున్నాం, నది దాని కాళ్ల కింద సాగుతుంది. ఆ విద్యార్థి స్తంభాన్ని 60 పిక్సెళ్లు, కమానును 240 పిక్సెళ్లు గీశారు. మొదటి స్తంభం 720 దగ్గర మొదలైంది. కాబట్టి 780 నుంచి 1020 వరకు ఒక కమాను, 1020 నుంచి 1080 వరకు రెండో స్తంభం. అంటే అతుకు సరిగ్గా స్తంభం అంచున పడింది. మొదటి స్లైడులో ఒక నిండు కమాను, దానికి రెండువైపులా స్తంభాలు ఉన్నాయి. కంటికి అది చిన్న వంతెన, అక్కడితో ముగిసింది.

సరిచేయడానికి వంతెనను 180 కుడికి జరిపితే అతుకు కమాను నడిమధ్యలో పడుతుంది. చాలామంది ఇక్కడే ఆగుతారు. కానీ కమాను శిఖరం దగ్గర రాయి దాదాపు అడ్డంగా ఉంటుంది. ఎక్కాల్సింది ఎక్కేసింది, ఇక చూడాల్సింది లేదన్న భావన కలుగుతుంది. ఇంకో 40 జరపండి. ఇప్పుడు మొదటి స్తంభం 940 నుంచి 1000 వరకు, ఆ పక్క కమాను 1000 నుంచి 1240 వరకు ఉంటాయి. అతుకు కమానులో మూడో వంతు దగ్గర పడుతుంది, శిఖరం 1120 దగ్గర రెండో స్లైడులో ఉంటుంది. మొదటి స్లైడు కుడి అంచున రాయి ఇంకా పైకి ఎక్కుతూనే ఆగిపోతుంది. ఆ తేడా నలభై పిక్సెళ్లే, కానీ రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

నదికీ ఇదే వర్తిస్తుంది. చాలామంది మలుపును సరిగ్గా అతుకు మీద పెట్టారు. మలుపు అతుకు దాటి కనీసం 200 పిక్సెళ్లు వెళ్లాక రావాలి, అతుకు దగ్గర గీత దిగుతూ ఉండాలి. రెండో స్లైడును చేత్తో మూసి మొదటిదాన్ని మాత్రమే చూడండి. గీత అక్కడ ఆగినట్టు అనిపిస్తే మలుపు తప్పు చోట ఉంది. అంచున బాణం గుర్తు పెట్టి ఈ లోపం కప్పకండి, నాకు అది నచ్చదు. పైగా ప్రొఫైల్ గ్రిడ్ 2025 నుంచి 3:4 నిష్పత్తిలో చూపిస్తోంది, అంటే మన స్లైడుకు రెండు పక్కలా దాదాపు 34 పిక్సెళ్లు పోతాయి. అంచున పెట్టిన బాణం అక్కడ సగమే కనిపిస్తుంది.

కొందరు స్లైడ్లను కాలక్రమంలో పెట్టారు: 1578 పురానాపూల్, 1908 వరద, 1920 గండిపేట జలాశయం. సంవత్సరాలు సరిగ్గానే ఉన్నాయి, నది మాత్రం వెనక్కి పారుతోంది. మూసీ హైదరాబాదు నగరంలో పడమటి నుంచి తూర్పుకు సాగుతుంది, మన వేలు కూడా స్లైడ్లను అదే వరుసలో తెస్తుంది. గండిపేట మొదట, తర్వాత పురానాపూల్, అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ రావాలి. సంవత్సరాలు వెనకా ముందూ అయినా ఫరవాలేదు, వాటిని అక్షరాల్లో చెప్పవచ్చు.

మూడో స్లైడులో 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో ఎందరో ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఉంది. దాని కొమ్మను 3240 అతుకు దాటించండి, బాగుంటుంది. కొమ్మ మీద మనుషులను మాత్రం అతుకుకు దూరంగా ఉంచండి. ముఖం రెండుగా కోయడం చూడటానికి బాధగా ఉంటుంది. అక్షరాలు కూడా అంతే. వత్తు ఒక స్లైడులో, అక్షరం మరో స్లైడులో పడితే ఎవరూ చదవలేరు. అతుకుకు ఇటూ అటూ 100 పిక్సెళ్లలో అక్షరాలు వద్దు.

అభ్యాసం: హైదరాబాదు మెట్రో నీలి మార్గాన్ని ఆరు స్లైడ్లలో గీయండి. నాగోలు తూర్పున, రాయదుర్గం పడమట ఉన్నాయి కాబట్టి పటంలో ఉన్నట్టే రాయదుర్గం నుంచి మొదలుపెట్టండి. అమీర్‌పేట స్టేషను బొమ్మ ఒక అతుకు మీద పడాలి, దాని పేరు మాత్రం అతుకును తాకకూడదు. ఎక్కడా బాణం గుర్తు ఉండకూడదు. కోసిన ఆరు ఫైళ్లతోపాటు కోయని కాన్వాసును కూడా పంపండి, అతుకులను నేను కొలిచి చూస్తాను.