వయసు ధృవీకరణలో ఆధార్‌ను తిరస్కరిస్తే

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బాబాయిని ఒక వీడియో సైట్ వయసు రుజువు చూపమంది. అకౌంట్ ఏమీ పోలేదు. లాగిన్ అవుతోంది, సేవ్ చేసుకున్నవన్నీ అలాగే ఉన్నాయి. పెద్దలకు మాత్రమే అని గుర్తు పెట్టినవే తెరుచుకోవడం లేదు.

ఆధార్ అప్‌లోడ్ చేస్తే తిరస్కరించారు. "ఫోటో మసగ్గా వచ్చిందేమోరా" అన్నాడు బాబాయి. ఫోటో శుభ్రంగానే ఉంది. కార్డే పాతది. దాని మీద పుట్టిన సంవత్సరం 1971 అని ఉంది తప్ప తేదీ, నెల లేవు. పాత ఆధార్ కార్డులు చాలావాటి మీద ఇంతే ఉంటుంది. 1971లో పుట్టిన మనిషికి 18 నిండాయని చిన్నపిల్లాడైనా చెబుతాడు గానీ, ఆ సైట్‌కు పూర్తి తేదీ కావాలట! అలాంటప్పుడు అదే ఫోటోను మళ్లీ మళ్లీ పంపడం దండగ.

వాళ్లు ఒప్పుకునే పత్రాల్లో పాన్ కార్డు కూడా ఉంది. దాని మీద పూర్తి పుట్టిన తేదీ ఉంటుంది. ముందు అకౌంట్‌లోని పుట్టిన తేదీ పాన్‌తో సరిపోయేలా చూశాను. కార్డును టేబుల్ మీద పెట్టి, ఫ్లాష్ ఆపి, నాలుగు మూలలూ పడేలా ఫోటో తీశాను. ఈసారి ఆమోదించారు.

డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్ పంపేవాళ్లకు ఒక మాట: దానికి పాస్‌వర్డ్ ఉంటుంది, అవతలివాళ్లు తెరవలేరు.