టోటల్ లాస్ కారుకి సాల్వేజ్ ఎక్కువ కోస్తే ఏం చేయాలి? బండిని మనమే ఉంచుకుంటామని ఎలా అడగాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బావమరిది కారు నాలుగు రోజులు నీళ్లలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక డోర్ తెరిస్తే సీట్ల మీద వేలెడు మందాన బురద పేరుకుని ఉంది. షోరూమ్ వాళ్లు రిపేరుకి 3,60,000 అవుతుందని ఎస్టిమేట్ ఇచ్చారు. పాలసీలో ఐడీవీ, అంటే కారుకి బీమా కట్టిన విలువ, 4,20,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కిందే లెక్క కడతారు. ఇక్కడ ఆ గీత 3,15,000 దగ్గర ఉంది కాబట్టి అందులో గొడవేమీ లేదు. గొడవంతా ఆ తర్వాత వచ్చిన ఒక్క అంకెతోనే: సాల్వేజ్ 1,65,000.

అంటే పాడైన కారుని అలాగే అమ్మితే 1,65,000 వస్తుందని నష్టం అంచనా వేయడానికి వచ్చిన సర్వేయర్ లెక్క. ఐడీవీలోంచి ఆ మొత్తం, క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన తప్పనిసరి డిడక్టబుల్ 1,000 తీసేసి, మిగిలిన 2,54,000 కంపెనీ ఇస్తుందట, బండి మాకే వదిలేస్తుందట. వినడానికి బాగానే ఉంది. కానీ ఆటోనగర్‌లో ఆ కారుకి లక్షకి అటూ ఇటూగా తప్ప ఎవరూ పలకలేదు. ఆ తేడా అంతా మా నెత్తినే పడుతుందన్నమాట.

మీకూ ఇలాగే జరిగితే ఏ వరుసలో వెళ్లాలో మా అనుభవంతో చెబుతాను.

ముందు సంతకం ఆపండి

సర్వేయర్ గానీ, క్లెయిమ్ చూసే ఉద్యోగి గానీ "కన్సెంట్ లెటర్ మీద సంతకం పెట్టి పంపండి సార్, వారంలో డబ్బులు పడిపోతాయి" అంటారు. ఫలానా మొత్తానికి, ఫలానా సాల్వేజ్ ధరకి నేను ఒప్పుకుంటున్నాను అని ఆ కాగితంలో ఉంటుంది. చాలామంది ఇక్కడే నష్టపోతారు. మెయిల్‌లో "సరే" అని రాసినా ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు. "టోటల్ లాస్‌కి నాకు అభ్యంతరం లేదు, సాల్వేజ్ ధరకి మాత్రం ఉంది, వివరాలు పంపండి" అని అదే మెయిల్‌కి జవాబు ఇవ్వండి. క్లెయిమ్ ఆగిపోతుందేమోనని టెన్షన్ పడొద్దు. మీరు కాదంటున్నది ఒక్క అంకెనే, ఆ సంగతి కాగితం మీద స్పష్టంగా ఉండాలి, అంతే.

ఈలోగా బండి అమ్మేయకండి, అందులోంచి ఒక్క పార్టు కూడా తీయకండి, టైర్లు సైతం. తర్వాత ధర తగ్గించమని అడిగితే "మీరే పార్టులు తీశారు" అంటారు.

ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి

కార్లకి వాడే ప్యాకేజీ పాలసీలో ఈ విషయం సూటిగానే ఉంటుంది. టోటల్ లాస్ అయితే ఐడీవీలోంచి పాడైన బండి విలువ తీసేసి ఇస్తారు. ఇక్కడ పట్టుకోవాల్సిన మాట "విలువ". నిజంగా ఒకడు డబ్బు పెట్టి కొనే ధరే విలువ. సర్వేయర్ అంచనా దానికి దగ్గరగా ఉంటే చెల్లుతుంది, లేకపోతే లేదు.

కాబట్టి సర్వే రిపోర్ట్ కాపీ, సాల్వేజ్ కొటేషన్ల కాపీలు రాతపూర్వకంగా అడగండి. అవి వచ్చాక నాలుగు సంగతులు చూడండి: కొటేషన్ ఇచ్చింది ఎవరు, ఏ తేదీన ఇచ్చారు, ఎన్ని రోజులు చెల్లుతుంది, ఆ ధర ఆర్సీతో కలిపా లేక ఆర్సీ లేకుండానా.

ఆఖరిది చిన్న విషయంలా కనబడుతుంది గానీ అసలు మెలిక దాంట్లోనే ఉంది. ఆర్సీతో వస్తే కొన్నవాడు బండిని బాగుచేసి రోడ్డెక్కించుకోవచ్చు. ఆర్సీ రద్దయితే అది పార్టులకీ తుక్కుకీ తప్ప పనికిరాదు, ధర బాగా పడిపోతుంది. కొన్నిసార్లు కొటేషన్ ఆర్సీతో తీసుకుంటారు, డబ్బిచ్చే ముందు మాత్రం "ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ రద్దు చేయించి తెండి" అంటారు. ఆ రెండూ ఒకేసారి అడగడం కుదరదు. ఆర్సీ రద్దు చేయమంటే ఆర్సీ లేని ధరే కోయాలని గట్టిగా రాయండి.

మా విషయంలో అసలు లోపం తేదీలో బయటపడింది. 1,65,000 అన్నది ఆన్‌లైన్ వేలంలో ఫోటోలు చూసి వేసిన బిడ్. అది పదిహేను రోజులే చెల్లుతుంది, ఆ గడువు మా చేతికి కాపీ వచ్చేసరికే అయిపోయింది. బిడ్ వేసినాయన్ని బండి చూడమని పిలిపించాం. వచ్చి ముందు సీటు కింద కార్పెట్ ఎత్తాడు, కింద నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. ఆయిల్ స్టిక్ తీస్తే దానికి పాలు కలిపిన కాఫీలాంటి నురగ అంటింది. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయన్నమాట. డాష్‌బోర్డ్ కింద ఫ్యూజ్ బాక్స్ పచ్చగా చిలుము పట్టి ఉంది. "ఫోటోల్లో ఇదంతా కనపడలేదండీ, తొంభై వేలైతే తీసుకుంటాను" అన్నాడు. ఆ మాటనే వాట్సాప్‌లో రాసి పంపమన్నాం, పంపాడు.

ఇంకో సంగతి. వరదల తర్వాత ఒక్కసారే బోలెడు మునిగిన కార్లు సాల్వేజ్‌కి వస్తాయి. అన్ని బళ్లు ఒకేసారి వచ్చిపడ్డప్పుడు ధర పడిపోతుంది. వరదకి ముందు అలాంటి కారు ఎంతకి పోయిందో చూసి వేసిన లెక్క అప్పుడు పనికిరాదు. మీది వరద కేసు అయితే ఈ ఒక్క వాక్యం మీ ఉత్తరంలో ఉండి తీరాలి.

మీ కొటేషన్లు మీరు తెచ్చుకోండి

"మార్కెట్‌లో అంత రాదు" అని నోటితో చెబితే ఎవరూ వినరు. పాత బళ్లు కొనేవాళ్ల దగ్గర రెండు మూడు కొటేషన్లు తీసుకోండి. వాటిలో బండి నంబరు, ఛాసిస్ నంబరు, తేదీ, ధర, ఆర్సీతోనా కాదా, బండిని స్వయంగా చూశామన్న మాట, దుకాణం ముద్ర ఉండాలి. మీ బంధువు దుకాణం నుంచి తేకండి, వెంటనే పట్టేస్తారు. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న స్క్రాపింగ్ కేంద్రం దగ్గర ఉంటే అక్కడి నుంచి కూడా ఒకటి తీసుకోండి. అది అన్నిటికన్నా తక్కువ ధర అవుతుంది, ఆర్సీ రద్దు చేయమంటే అదే మీకు ఆధారం.

మాకు ఆర్సీతో 98,000, 1,05,000 వచ్చాయి. వాళ్ల బిడ్డర్ చెప్పిన 90,000 మూడోది. అన్నిటికన్నా తక్కువైన 90,000 పట్టుకుని కూర్చోలేదు. ఎక్కువ ధర 1,05,000నే ముందు పెట్టాం. అలా చేస్తే మీ మాటకి బరువు వస్తుంది.

ఒకే ఉత్తరంలో రెండు దారులు చూపించండి

ఈ వ్యవహారమంతటిలో నేను బాగా నమ్మేది ఈ మెట్టునే. "సాల్వేజ్ తగ్గించండి" అని మాత్రమే అడిగితే బేరం ఆడుతున్నట్టు ఉంటుంది. మేం రాసింది ఇలా ఉంది:

"మీరు చెప్పిన 1,65,000 సరైన ధర అని మీరు అనుకుంటే, ఆ ధరకి బండిని మీరే తీసుకుని, లేదా మీ బిడ్డర్‌తో తీయించి, నాకు ఐడీవీలో డిడక్టబుల్ పోను 4,19,000 ఇవ్వండి. అలా కాకుండా బండిని నేనే ఉంచుకోవాలంటే, జత చేసిన కొటేషన్ల ప్రకారం 1,05,000 తీసేసి 3,14,000 ఇవ్వండి. మీ బిడ్డర్ బండి చూశాక 90,000 అన్న మెసేజ్ కూడా జత చేస్తున్నాను. ఈ రెండింటిలో ఏది మీకు సమ్మతమో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపగలరు. ఈలోగా షెడ్డు పార్కింగ్ ఛార్జీలు నా ఖాతాలో వేయవద్దు."

ఇందులో బలం ఎక్కడుందంటే, 1,65,000 నిజమైన ధరే అయితే మొదటి దారిలో కంపెనీకి రూపాయి నష్టం లేదు. వాళ్లు ఆ దారికి వెనకాడారంటే ఆ ధర మీద వాళ్లకే నమ్మకం లేదన్నట్టు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: బండిని ఉంచుకోవడం మీ హక్కు కాదు. అందుకే దీన్ని డిమాండ్‌లా కాకుండా ప్రతిపాదనలా రాయాలి.

కారు మీద లోన్ ఉంటే ఉత్తరం పంపేముందే బ్యాంకుతో మాట్లాడండి. క్లెయిమ్ డబ్బు ముందు వాళ్లకే వెళ్తుంది, బండి కూడా వాళ్ల తాకట్టులోనే ఉంటుంది. బాకీ తీరి, బ్యాంకు ఎన్ఓసీ చేతికి రాకుండా సాల్వేజ్ అమ్ముతామని ఎవరికీ మాట ఇవ్వకండి.

వాళ్లు ఒప్పుకోకపోతే

కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి అదే ఉత్తరం జతచేసి ఫిర్యాదు పెట్టండి. బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255కి ఫోన్ చేసి గానీ నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం మీద ముందే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే ఓంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ఆ క్రమం తప్పొద్దు.

ఈలోగా డబ్బు బాగా అవసరమై వాళ్లిచ్చే మొత్తం తీసుకోవాల్సి వస్తే తీసుకోండి. డబ్బు ముట్టినట్టు సంతకం పెట్టే డిశ్చార్జ్ వోచర్ మీద మాత్రం "సాల్వేజ్ ధరపై అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి, దాని ఫోటో ఉంచుకోండి. డిశ్చార్జ్ వోచర్ సంతకాన్ని అడ్డుపెట్టి పాలసీదారు హక్కుని ఆపకూడదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు చెప్పింది.

బండి మీ చేతికి వచ్చాక

మాది ఓంబుడ్స్‌మన్ దాకా పోలేదు. గ్రీవెన్స్ మెయిల్ వెళ్లాక సాల్వేజ్ 1,10,000కి దిగింది. చేతికి 3,09,000 వచ్చింది, బండి మాకే వదిలారు. డాష్‌బోర్డ్ దాకా మునిగిన కారుని బాగుచేయించి వాడొద్దని నేనే పట్టుబట్టాను. వైరింగ్, ఎయిర్‌బ్యాగ్ యూనిట్లు తడిసిన బండి ఏ రోజు ఎలా మొండికేస్తుందో చెప్పలేం. 1,05,000 ఇస్తామన్న వాళ్లకే అమ్మేశాడు. మొత్తం 4,14,000 అయింది. మొదటి లెక్కకి తలూపి ఉంటే 3,59,000 దగ్గర ఆగిపోయేవాడు.

అమ్మేటప్పుడు తొందరపడితే వచ్చిన లాభం కన్నా పెద్ద తలనొప్పి వస్తుంది. డబ్బు తీసుకుని, సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి పంపేయకండి. ఆర్సీలో పేరు మారేదాకా చట్టం ముందు ఓనరు మీరే. ఆ బండి రేపు ఎక్కడో ఎవరినైనా గుద్దితే పరిహారం కేసులో మీ పేరే వస్తుంది, సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో ఇదే చెప్పింది. ఫారం 29, 30 పూర్తిగా నింపించండి, కొనేవాడి ఆధార్ కాపీ తీసుకోండి, ఆర్టీఓలో ట్రాన్స్‌ఫర్ అయిందో లేదో పరివాహన్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. పార్టులకే అమ్ముతుంటే ఆర్సీ రద్దు చేయించాకే బండి ఇవ్వండి. మా బావమరిది ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్ చూశాకే రెండో తాళం చెవి ఇచ్చాడు.